లక్ష వ్యూస్ వచ్చినా షాపుకి పదిమందీ రాలేదు. ఈసారి ఎవరితో చేయించాలి?

*“మాది ఎంవీపీ కాలనీలో చిన్న షాపు. ఏటికొప్పాక లక్క బొమ్మలు అమ్ముతాం. శ్రావణ మాసంలో ఎనభై వేల ఫాలోవర్లున్న ఒక వైజాగ్ పేజీకి 15 వేలు ఇచ్చి రీల్ చేయించాం. లక్షా ఇరవై వేల వ్యూస్ వచ్చాయి గానీ, షాపుకి వచ్చినవాళ్లు పదిమంది కూడా లేరు. సంక్రాంతికి బొమ్మల కొలువులు ఉంటాయి కదా, ఈలోపు ఇంకో 40 వేలు పెట్టగలం. చిన్న ఇన్‌ఫ్లుయెన్సర్లతో చేయించుకోమంటున్నారు. ఎవరిని తీసుకోవాలి, వాళ్లతో ముందే ఏం మాట్లాడుకోవాలి, లాభం వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?”*
*— ఒక పాఠకురాలు, విశాఖపట్నం*

ముందు ఆ పాత రీల్ సంగతి చూద్దాం. అక్కడ ఏం జరిగిందో తెలిస్తే ఈసారి ఎవరిని వెతకాలో సగం తేలిపోతుంది. వ్యూస్ అంటే చూసిన మనుషుల లెక్క కాదు. ఒకరే మూడుసార్లు చూస్తే మూడు వ్యూస్ పడతాయి. లక్షా ఇరవై వేల వ్యూస్ వెనక ఎనభై వేల మంది ఉన్నారనుకుందాం. వాళ్లలో మన ఊరివాళ్లు ఎందరు? పేజీ పేరులో వైజాగ్ ఉన్నంత మాత్రాన చూసేవాళ్లంతా వైజాగ్ వాళ్లు కారు. బీచ్ రోడ్డు, కైలాసగిరి, అరకు ఘాట్ వీడియోలు పెట్టే పేజీలను హైదరాబాద్, బెంగళూరుల్లో ఉండి ఇక్కడికి ట్రిప్ వేద్దామనుకునేవాళ్లు ఎక్కువగా ఫాలో అవుతుంటారు. విశాఖ వాటా 15 శాతమే అయితే ఎనభై వేలలో మిగిలేది 12 వేల మంది. వాళ్లలో ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్లు, కొలువు పెట్టేవాళ్లు, గృహప్రవేశానికి కానుకలు వెతుకుతున్నవాళ్లు ఎందరుంటారో మీరే ఊహించుకోండి. ఆ పేజీ మిమ్మల్ని మోసం చేసిందని చెప్పడానికి లేదు. రుషికొండలో హోటల్ నడిపేవాళ్లకి అది బాగా పనికొచ్చే పేజీ. ఎంవీపీ కాలనీ బొమ్మల షాపుకి మాత్రం సరిపడేది కాదు.

అందుకే ఫాలోవర్ల సంఖ్య చూసి వెతకడం మానేయండి. పదివేల నుంచి లక్ష లోపు ఉన్నవాళ్లని మైక్రో ఇన్‌ఫ్లుయెన్సర్లు అంటుంటారు గానీ, ఆ గీత ఒక్కొక్కరు ఒక్కోచోట గీస్తారు. మీ బొమ్మలు కొనేవాళ్లు ఇప్పటికే ఎవరి మాట వింటున్నారో చూడండి. పిల్లల పెంపకం గురించి మాట్లాడే ఒక తల్లి, ఇంటి అలంకరణ, గృహప్రవేశం ఏర్పాట్లు చూపించేవాళ్లు, ప్రైమరీ పిల్లలకి ఆటలతో పాఠాలు చెప్పే టీచరు, పండగలు, నోములు వివరించే ఇల్లాలు. మీకు కావలసినవాళ్లు వీళ్లలో దొరుకుతారు. రోజుకో బిర్యానీ హోటల్‌ని పొగిడే పేజీని పక్కన పెట్టండి. వెతకడానికి తేలిక దారి ఒకటుంది. మీ దగ్గర తరచుగా కొనే ఓ ఇరవై మందికి ఫోన్ చేసి, పిల్లల విషయంలోనో ఇంటి విషయంలోనో ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవరిని చూస్తారని అడగండి. రెండు మూడుసార్లు వినిపించిన పేర్లు మీ మొదటి జాబితా.

ఆ జాబితాలో ఒక్కొక్కరి దగ్గర నాలుగు చూడాలి. మొదటిది ఊరు. ప్రొఫెషనల్ అకౌంట్ ఉన్నవాళ్లకి ఇన్‌సైట్స్‌లో ఫాలోవర్లు ఏ ఏ ఊళ్లవాళ్లో శాతాలతో కనిపిస్తుంది. దాని స్క్రీన్‌షాట్ కాకుండా స్క్రీన్ రికార్డింగ్ అడగండి. ఫోటోలో అంకె మార్చడం ఎవరికైనా సులువు, అకౌంట్ తెరిచి లోపలికి వెళ్తూ తీసిన వీడియోలో మార్చడం కష్టం. విశాఖ వాటా మూడోవంతు దాటితే మీకు సంతోషించదగ్గ పేజీ. పంపడానికి ఇష్టపడకపోతే గొడవ పడకండి, ఇంకొకరిని చూసుకోండి.

రెండోది మామూలు రోజుల్లో వచ్చే వ్యూస్. చివరి పన్నెండు రీల్స్ వ్యూస్ ఒక కాగితం మీద పెద్దదాని నుంచి చిన్నదానికి వరసగా రాసి, ఆరో అంకె, ఏడో అంకె చూడండి. సగటు కడితే మోసపోతాం. ఒక రీల్ ఎలాగో వైరల్ అయి మూడు లక్షలు దాటితే సగటు పైకి ఎగిరిపోతుంది. మీ రీల్‌కి రాబోయేది మాత్రం ఆ మధ్య అంకెకి దగ్గరగా ఉంటుంది.

మూడోది కామెంట్లు. అన్నిటికంటే ఎక్కువ సేపు ఇక్కడే కూర్చోండి. చప్పట్లు, మంట గుర్తులు, “సూపర్ అక్కా” అన్నవాటిని లెక్కలోకి తీసుకోకండి. “ఇది ఎక్కడ దొరుకుతుంది”, “మా బాబుకి రెండేళ్లు, పనికొస్తుందా”, “గాజువాకలో ఉందా” లాంటి ప్రశ్నలు ఎన్ని, వాటికి ఆవిడ జవాబిచ్చారా అన్నది చూడండి. ప్రతి రీల్ కిందా అవే పదిహేను పేర్లు, పోస్టు పడిన పది నిమిషాల్లోనే కనబడుతుంటే, వాళ్లంతా ఒకరి పోస్టుకి ఒకరు కామెంట్లు పెట్టుకునే గుంపు కావచ్చు. ఫాలోవర్లు ముప్పై వేలున్నా ప్రశ్న అడిగేవాళ్లు ఎవరూ లేకపోతే ఆ ముప్పై వేలలో గివ్‌అవేల కోసం చేరినవాళ్లో, కొన్నవో ఉండే అవకాశం ఉంది.

నాలుగోది, చివరి ఇరవై పోస్టుల్లో డబ్బు తీసుకుని చేసినవి ఎన్ని అన్నది. సగం దాటితే చూసేవాళ్లు అలవాటుగా పైకి తోసేస్తారు. నెలలోపు ఇంకో బొమ్మల షాపుకి చేసి ఉంటే కూడా వద్దు.

ఇక డబ్బు. నలభై వేలూ ఒకేసారి పెట్టకండి, సంక్రాంతి వారంలో అసలే మొదలుపెట్టకండి. ఆ వారం మీకు జనం ఎలాగూ వస్తారు. వచ్చినవాళ్లు పండగకి వచ్చారో రీల్ చూసి వచ్చారో తేల్చలేరు. కార్తీకంలో నలుగురితో సగం డబ్బు పెట్టి పరీక్షించండి. మిగతా సగం ఆ నలుగురిలో పనిచేసినవాళ్లకే, పండగకి మూడు వారాల ముందు పెట్టండి.

ఒక్కొక్కరికి ఎంత ఇవ్వచ్చో మీ బిల్లు పుస్తకమే చెబుతుంది. మీ సగటు బిల్లు 850 రూపాయలనుకుందాం. కళాకారులకి ఇచ్చేది, ప్యాకింగ్ పోను 340 మిగులుతుందనుకుందాం. ఇన్‌ఫ్లుయెన్సర్‌కి 4 వేలు, ఇచ్చే బొమ్మల అసలు ఖరీదు 700, చిల్లర ఖర్చు 300 కలిపి 5 వేలు. దాన్ని 340తో భాగిస్తే దాదాపు 15. అంటే ఒక్కో రీల్ ద్వారా కనీసం పదిహేను కొత్త బిల్లులు పడితే పెట్టింది వెనక్కి వస్తుంది. ఎవరైనా పన్నెండు వేలు అడిగితే అది ఎక్కువా తక్కువా అని మథనపడక్కర్లేదు. బొమ్మలు, చిల్లర ఖర్చుతో కలిపి 13 వేలు అవుతుంది కాబట్టి ముప్పై తొమ్మిది కొత్త బిల్లులు తేగలరా అని మీ మనసుని అడగండి. మీ అసలు అంకెలు వేసుకుని ఈ లెక్క ముందు చేయండి, తర్వాతే ఫోన్ తీయండి.

మాట్లాడుకున్నది ఒక వాట్సాప్ మెసేజ్‌గా రాసి పంపి, “సరే” అని జవాబు వచ్చాకే అడ్వాన్స్ వేయండి. చిన్న పనికి స్టాంపు పేపరు అక్కర్లేదు. కానీ నోటిమాట మీద వదిలేస్తే ఎప్పుడూ అవే మూడు నాలుగు చోట్ల తేడా వస్తుంది. మెసేజ్ ఇలా ఉంటే సరిపోతుంది:

> “నమస్తే అండి. 30 నుంచి 45 సెకన్ల రీల్ ఒకటి, అదే రోజు లింకుతో స్టోరీ ఒకటి. రీల్ మీ పేజీ, మా పేజీ రెండింటిలో కనిపించేలా కొలాబ్ పోస్టుగా పెట్టాలి. పోస్టు పడే రోజు గురువారం సాయంత్రం. రెండు రోజుల ముందు మాకు చూపిస్తారు, తప్పులుంటే ఒకసారి సరిదిద్దుతారు. షాపు ఎక్కడో, చూపించిన బొమ్మ ధర ఎంతో, ఎలా కొనాలో మూడూ నోటితో చెప్పాలి. డబ్బు తీసుకుని చేసినట్టు రీల్‌లో కనబడాలి. కనీసం 90 రోజులు తీసేయకూడదు. 30 రోజులు ఇంకో బొమ్మల షాపుకి చేయకూడదు. ఈ వీడియోని మేము 60 రోజులు యాడ్‌గా వాడుకోవచ్చు. 3వ రోజు, 7వ రోజు, 30వ రోజు ఇన్‌సైట్స్ పంపుతారు. 4 వేలలో సగం ఇప్పుడు, సగం 7వ రోజు ఇన్‌సైట్స్ వచ్చాక.”

ఇందులో ఎక్కువమంది మర్చిపోయేది వీడియోని యాడ్‌గా వాడుకునే మాట. మీ డబ్బుతో తీసినా ఆ వీడియో, ఆ ముఖం వాళ్లవి. అడగకుండా బూస్ట్ చేస్తే గొడవే. ముందే అడిగితే చాలామంది ఒప్పుకుంటారు, కొందరు ఇంకొంచెం అడుగుతారు, అదీ న్యాయమే. ఇన్ని వ్యూస్ గ్యారంటీ అని మాత్రం రాయించుకోకండి. ఆ మాట నిలబెట్టుకోవడానికి వ్యూస్ కొని చూపించేవాళ్లున్నారు, దాంతో మీ లెక్కంతా పాడవుతుంది. డైలాగులు కూడా మీరు రాసివ్వకండి. ఆవిడ తన పిల్లాడితో మామూలుగా ఎలా మాట్లాడతారో అలా మాట్లాడితేనే చూసేవాళ్లు వింటారు. మీరివ్వాల్సింది నిజాలు: అంకుడు కర్ర, లక్క, చెట్ల గింజలు, బెరడు, ఆకుల నుంచి తీసిన రంగులు, వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు, 2017లో వచ్చిన జీఐ గుర్తింపు. వాటిలో ఏది చెప్పాలో ఆవిడకే వదిలేయండి.

మీ సరుకు విషయంలో ఒక ప్రమాదం ఉంది. రీల్ ఊపులో “పూర్తిగా సేఫ్, ఆరునెలల పాప నోట్లో పెట్టుకున్నా ఏం కాదు” అనేస్తారు. మీ దగ్గర ఆ బొమ్మకి పరీక్ష రిపోర్టు లేకపోతే ఆ మాట వెళ్లకూడదు. సహజ రంగు వేసిన బొమ్మలోనూ చిన్న చక్రం ఊడి గొంతులో అడ్డం పడొచ్చు. “సహజ రంగులతో చేసింది” అనడం వేరు, “ఏ వయసు పిల్లలకైనా ప్రమాదం లేదు” అనడం వేరు. ఏ బొమ్మ ఏ వయసుకో మీరే చీటీ రాసి బొమ్మలతో పాటు పంపండి. డ్రాఫ్ట్ చూసేటప్పుడు ముందు ఈ ఒక్కటీ వెతకండి.

డబ్బు తీసుకున్నామని చెప్పే లేబుల్ విషయంలో మొహమాటం వద్దు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం డబ్బే కాదు, ఉచితంగా బొమ్మలు ఇచ్చినా ఆ సంగతి చెప్పాలి, రీల్ ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే చెప్పాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో ఉండే Paid partnership లేబుల్ ఆన్ చేయించి, వీడియో మీద తెలుగులో “పెయిడ్ ప్రమోషన్” అని రాయించండి. 15 సెకన్లు దాటి 2 నిమిషాల లోపున్న వీడియోలో మూడోవంతు సేపు లేబుల్ కనబడాలని యాడ్స్ స్వీయ నియంత్రణ సంస్థ ఏఎస్‌సీఐ నియమం. 45 సెకన్ల రీల్‌కి 15 సెకన్లు. క్యాప్షన్ చివర పాతిక హ్యాష్‌ట్యాగ్‌ల మధ్య దాచిన మాట లెక్కలోకి రాదు. తప్పుదారి పట్టించే ప్రకటనకి చేసినవాళ్ల మీదే కాదు, చేయించిన మీ మీద కూడా 10 లక్షల వరకు జరిమానా పడొచ్చు.

ఇక లాభం వచ్చిందో లేదో తెలుసుకోవడం. ఇది పోస్టు పడ్డాక మొదలుపెట్టే పని కాదు, ముందే సిద్ధం చేసుకోవాలి. పోస్టుకి ముందు నాలుగు వారాలు, వారానికి ఎన్ని బిల్లులు పడ్డాయో, వాటిలో కొత్తవాళ్లవి ఎన్నో రాసి పెట్టుకోండి. బిల్లు వేసేటప్పుడు ఫోన్ నంబరు తీసుకుంటే కొత్తవాళ్లెవరో పాతవాళ్లెవరో తెలిసిపోతుంది. ఈ పాత లెక్క లేకపోతే తర్వాత ఏ అంకె వచ్చినా దేనితో పోల్చాలో తెలీదు.

డిస్కౌంట్ కోడ్ కంటే మీ షాపుకి ఇంకో పద్ధతి నప్పుతుంది. మీ దగ్గర బొంగరాలున్నాయి. ఒక్కో ఇన్‌ఫ్లుయెన్సర్‌కి ఒక్కో రంగు ఇవ్వండి. పిల్లల తల్లి రీల్ చివర్లో “కౌంటర్ దగ్గర పసుపు బొంగరం అని చెప్పండి, పాపకి ఒకటి ఇస్తారు” అంటారు. టీచరుకి ఎరుపు, ఇంటి అలంకరణ చేసేవారికి ఆకుపచ్చ, నాలుగోవారికి నీలం. పిల్లలకి ఏదో దక్కుతుందంటే పెద్దవాళ్లు మర్చిపోయినా పిల్లలు గుర్తు చేస్తారు. పది శాతం డిస్కౌంట్ ఇస్తే 850 మీద 85 పోతుంది, చిన్న బొంగరానికి మీకయ్యేది అంతకంటే చాలా తక్కువ. పైగా డిస్కౌంట్ కోడ్ ఫ్యామిలీ గ్రూపుల్లో తిరిగి, ఎలాగూ కొనబోయే పాత కస్టమర్లే వాడేస్తారు.

వాట్సాప్ ఆర్డర్లకి ఒక్కొక్కరికి విడి లింకు చేసివ్వండి. నొక్కగానే చాట్ తెరుచుకుని రంగు పేరు ముందే టైపయి ఉంటుంది:

```
https://wa.me/91XXXXXXXXXX?text=PASUPU
```

91 ముందు ప్లస్ గుర్తు, సున్నా పెట్టకూడదు. రీల్ క్యాప్షన్‌లో పెట్టిన లింకు నొక్కినా తెరుచుకోదు. స్టోరీలో లింక్ స్టిక్కర్‌గానో, బయోలోనో ఉండాలి. స్టోరీ ఇరవై నాలుగు గంటల్లో పోతుంది కాబట్టి వారం రోజులు బయోలో ఉంచమని అడగండి.

నలుగురి పోస్టులూ ఒకే రోజు వేయించకండి, వారానికొకటి చాలు. అలా అయితే బొంగరం మాట చెప్పకుండా వచ్చినవాళ్లు కూడా ఏ వారంలో పెరిగారో కనిపిస్తుంది. అడగకపోతే చాలామంది చెప్పరు, అందుకని కౌంటర్‌లో ఉన్నవాళ్లు ప్రతి కొత్త మనిషినీ “మా షాపు ఎలా తెలిసిందండీ” అని అడిగి పుస్తకంలో రాయాలి. పోస్టు పడిన సాయంత్రం రెండు గంటలు ఒకరు ఫోన్ పట్టుకుని కూర్చోవాలి. ధర అడిగినవాళ్లకి “డీఎం చేయండి” అనకుండా ధర అక్కడే రాసేయండి. ఇంకొకటి, రీల్‌లో చూపించే బొమ్మ స్టాకు ముందు చూసుకోండి. చేత్తో చేసే సరుకు కదా, ఆర్డరిచ్చిన మర్నాడు రాదు. ఎనిమిదే ఉన్న బొమ్మని చూపిస్తే తొమ్మిదో మనిషి నుంచి అందరూ ఖాళీ చేతులతో వెళ్తారు, రీల్ పనిచేయలేదని మీరనుకుంటారు.

నెల తర్వాత పుస్తకం తెరిస్తే ఇలా ఉందనుకుందాం. పసుపు: 9 వేల వ్యూస్, 21 కొత్త బిల్లులు. ఎరుపు: 6 వేల వ్యూస్, 12 బిల్లులు. ఆకుపచ్చ: 31 వేల వ్యూస్, 6 బిల్లులు, రిటర్న్ గిఫ్టుల కోసం 5 ఎంక్వైరీలు. నీలం, ఊరి విశేషాల పేజీ: 64 వేల వ్యూస్, 9 బిల్లులు.

పసుపు 21ని 340తో హెచ్చిస్తే 7,140. ఖర్చు 5 వేలు పోను 2,140 మిగిలింది. రెండో విడత ఆవిడతో కచ్చితంగా చేయించండి, ఆ వీడియోనే విశాఖ వరకు పరిమితం చేసి యాడ్‌గా కూడా నడపండి. నీలం 3,060 తెచ్చింది, 1,940 నష్టం. వ్యూస్ పసుపుకి ఏడు రెట్లు ఉన్నా సరే, మళ్లీ వద్దు. ఎరుపు 4,080 తెచ్చింది, 920 తక్కువ. ఇక్కడ తొందరపడకండి. పన్నెండుకీ పదిహేనుకీ మధ్య తేడా ఇంత చిన్న లెక్కలో ఒక వానపడ్డ ఆదివారం వల్ల కూడా రావచ్చు. ఇన్‌సైట్స్‌లో సేవ్‌లు, షేర్లు చూడండి. వ్యూస్‌తో పోలిస్తే అవి మిగతావాళ్లకంటే ఎక్కువగా ఉండి, బిల్లులు నాలుగో వారంలో కూడా పడుతుంటే ఆ రీల్‌ని జనం దాచుకుని నెమ్మదిగా వస్తున్నారని అర్థం. ఆ టీచరుకి ఇంకో అవకాశం ఇవ్వచ్చు.

ఆకుపచ్చని నెలకే తీసేయకండి. ఆరు బిల్లులు 2,040 మాత్రమే, నష్టంలాగే కనిపిస్తుంది. కానీ ఆవిడని చూసేవాళ్లు గృహప్రవేశాల వాళ్లు. ధనుర్మాసంలో ముహూర్తాలుండవు, మళ్లీ మాఘంలోనే. కార్తీకంలో అడిగినవాళ్లు మాఘానికి ఆర్డరిస్తారు. అరవై మందికి 120 రూపాయల బొమ్మ చొప్పున ఒక్క ఆర్డర్ ఖాయమైతే 7,200. అందులో మీకు 30 శాతం మిగిలినా 2,160. అలాంటివి రెండొస్తే ఆవిడ కూడా ఖర్చు పోను లాభంలోకి వస్తారు. ఆ ఐదు నంబర్లకీ పండగ వెళ్లాక మీరే ఫోన్ చేయండి, ఈ రీల్ లెక్క 90 రోజుల తర్వాత మూయండి.

ఇంకో అంకె కూడా పక్కన రాసుకోండి. నలుగురి రీల్స్ నడిచిన వారాల్లో మొత్తం కొత్త బిల్లులు ఎన్ని పెరిగాయి? ముందు వారానికి 22 ఉండేవి 37 అయ్యాయి, అందులో బొంగరం మాట చెప్పినవాళ్లు 12 మందే అనుకుందాం. పెరిగిన 15లో మిగతా ముగ్గురు కూడా బహుశా ఆ రీల్ చూసినవాళ్లే. తిరగేసి చూస్తే, బొంగరం అడిగినవాళ్లు 12 మంది ఉండి మొత్తం బిల్లులు 22 దగ్గరే ఉంటే, వచ్చినవాళ్లు ఎలాగూ వచ్చేవాళ్లే, దారిలో బొంగరం పట్టుకెళ్లారంతే. అలాంటప్పుడు ఆ రంగు కింద రాసుకున్న బిల్లుల్ని లాభంగా లెక్కేయకండి.